ఏజీఎం నోటీసు: ఆ ఈమెయిల్‌లో ఏం చూడాలి?

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో షేర్లున్న వాళ్ల ఈమెయిల్‌లోకి నోటీసులు వరసగా వచ్చి పడతాయి. అన్నింటి సారాంశం ఒకటే: మా కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశం ఫలానా రోజున జరుగుతుంది, సభ్యులంతా రావలసిందని. అన్నీ ఒకేసారి రావడానికి కారణం ఉంది. మన కంపెనీల లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ముగిసిన ఆరు నెలల్లోగా, అంటే సెప్టెంబరు 30 లోపు, ఈ సమావేశం జరిపి తీరాలని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతోంది. దీన్నే అందరూ ఏజీఎం అంటారు.

నోటీసుతో పాటు వందల పేజీల వార్షిక నివేదిక కూడా రావడంతో చాలామంది దాన్ని తెరవరు. ఇక్కడే ఒక సంగతి తెలుసుకోవాలి. కంపెనీ రికార్డుల్లో ఉన్న మీ ఈమెయిల్‌కు నోటీసు పంపడంతోనే కంపెనీ బాధ్యత తీరిపోతుంది. మీరు చదివారా లేదా అన్నది చట్టం అడగదు. తన చేతిలో లేని సాంకేతిక కారణంతో ఆ మెయిల్ మీకు చేరకపోయినా, మీరు పాత ఐడీ మార్చుకోకపోయినా తప్పు కంపెనీది కాదు. సమావేశంలో తీసుకున్న నిర్ణయం మీకూ వర్తిస్తుంది. కాబట్టి ఆ నోటీసులో మన హక్కులకు సంబంధించిన భాగం ఎక్కడుందో, దాన్ని ఎలా చదవాలో తెలిసి ఉండటం అవసరం. మొత్తం నివేదిక చదవలేకపోయినా నోటీసు వరకు చదవడానికి అరగంట చాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఒక పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకోండి. సభ్యులు, అంటే వాటాదారులు, 3,200 మంది. వారిలో గుంటూరులో ఉంటున్న ఒక రిటైరైన ఉపాధ్యాయుడు ఒకరు. ఆయన దగ్గర 200 షేర్లున్నాయి. ఆయనకు వచ్చిన మెయిల్ ఇలా ఉంది:

విషయం: (కంపెనీ పేరు) – వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసు – హైదరాబాద్ – సెప్టెంబరు 19

గౌరవనీయ సభ్యులకు,
మన కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశం సెప్టెంబరు 19, శనివారం ఉదయం 11 గంటలకు రిజిస్టర్డ్ ఆఫీసులో జరుగుతుంది. సమావేశంలో చేపట్టే అంశాలు, వాటి వివరణ, ప్రాక్సీ ఫారం, ఈ-ఓటింగ్ సూచనలు జతచేసిన పీడీఎఫ్‌లో ఉన్నాయి. హాజరై ఓటు వేసే హక్కున్న సభ్యుడు తన బదులు హాజరై ఓటు వేయడానికి ప్రాక్సీని నియమించుకోవచ్చు. ప్రాక్సీ కంపెనీ సభ్యుడై ఉండనక్కరలేదు.
బోర్డు ఆదేశం మేరకు,
కంపెనీ సెక్రటరీ

చూడటానికి మామూలు ఉత్తరం. కానీ ఇందులోని దాదాపు ప్రతి వాక్యమూ చట్టం రాయించినదే. విషయం గడిలో కంపెనీ పేరు, ఏ రకం సమావేశం, ఎక్కడ, ఏ తేదీన అన్నవి తప్పనిసరిగా ఉండాలి. మెయిల్ తెరవకుండానే అది ఏమిటో తెలియాలన్నది ఆ నిబంధన ఉద్దేశం. జతచేసిన పత్రం దిద్దడానికి వీల్లేని రూపంలో ఉండాలి. అందుకే పీడీఎఫ్ పంపుతారు. ప్రాక్సీ గురించిన వాక్యం ఎక్కడో మూలన కాకుండా కంటికి కనిపించేలా ఉండాలి.

ఇరవై ఒక్క రోజుల లెక్క

నోటీసు చేతికి రాగానే ముందు చూడవలసింది రెండు తేదీలు: మెయిల్ వచ్చిన తేదీ, సమావేశం తేదీ. ఈ రెండింటి మధ్య 21 పూర్తి రోజులు ఉండాలి. పంపిన రోజునూ, సమావేశం రోజునూ లెక్కలోకి తీసుకోరు.

మన ఉదాహరణలో సమావేశం సెప్టెంబరు 19న. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడదాం. సెప్టెంబరు 1 నుంచి 18 వరకు 18 రోజులు. ఇంకా మూడు రోజులు కావాలి: ఆగస్టు 29, 30, 31. అంటే నోటీసు ఆలస్యమైనా సరే, ఆగస్టు 28 నాటికి బయల్దేరాలి. 29న పంపితే ఒక రోజు తక్కువ పడినట్టే. పోస్టులోనో కొరియర్‌లోనో పంపేవాళ్లకు దారిలో పట్టే సమయం కింద మరో రెండు రోజులు కలపాలి కాబట్టి వారికి గడువు ఆగస్టు 26. గడువు చాలకపోయినా సమావేశం జరపాలంటే, ఓటుహక్కున్న సభ్యుల్లో కనీసం 95 శాతం మంది ఒప్పుకోవాలి. నలుగురైదుగురు ఉండే కుటుంబ కంపెనీలో అది సాధ్యమే గానీ 3,200 మంది ఉన్నచోట జరిగే పని కాదు.

ఈ మూడు వారాల వ్యవధి ఊరికే పెట్టింది కాదు. లెక్కలు చదవడానికి, తెలిసిన ఆడిటర్‌ను అడగడానికి, మనం వెళ్లలేకపోతే మరొకరిని పంపే ఏర్పాటు చేసుకోవడానికి ఇచ్చిన సమయం అది. అయితే ఒక పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. పొరపాటున ఏ ఒకరిద్దరికో నోటీసు అందకపోయినంత మాత్రాన సమావేశం చెల్లకుండా పోదు. అది వేరు, కావాలని కొందరికి పంపకపోవడం వేరు.

ఎజెండాలో రెండు రకాలు

పీడీఎఫ్ తెరిస్తే మొదట కనిపించేది ఎజెండా. అందులోని అంశాలు రెండు వర్గాలు. మొదటిది ఏటా తప్పక వచ్చే సాధారణ వ్యవహారాలు. ఇవి నాలుగే: లెక్కల ఆమోదం, డివిడెండు ప్రకటన, వంతు ప్రకారం పదవీ విరమణ చేసే డైరెక్టర్ల స్థానంలో నియామకం, ఆడిటర్ల నియామకం, వారి పారితోషికం. ఈ నాలుగూ కాక ఏది వచ్చినా అది ప్రత్యేక వ్యవహారమే.

ఈ తేడా ఎందుకంటే, ప్రత్యేక వ్యవహారానికి నోటీసుతో పాటు వివరణ పత్రం జతచేయడం తప్పనిసరి. ఆ ప్రతిపాదన ఏమిటి, దానివల్ల ఎవరికి లాభం, ఏ డైరెక్టరుకు, ముఖ్య అధికారికి లేదా వారి బంధువులకు అందులో ఆసక్తి ఉంది అన్నది అందులో రాయాలి. మన ఉదాహరణలో అయిదో అంశం ఇది అనుకుందాం: ఒక డైరెక్టరు భార్యకు చెందిన గోదామును కంపెనీ అద్దెకు తీసుకునే ప్రతిపాదన. వివరణ పత్రం తెరిచి ఆ గోదాము ఎవరిదో, అద్దె ఎంతో, ఎన్నేళ్లకో చూడాలి. ఆ వివరాలు లేకుండా ‘కంపెనీ ప్రయోజనాల దృష్ట్యా’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారంటే, అడగవలసిన ప్రశ్న అక్కడే ఉంది. నివేదికలో ముందు పేజీల కన్నా ఈ రెండు మూడు పేజీలే ముందు చదవమని నా సలహా.

డివిడెండు విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. సమావేశానికి వెళ్లి గట్టిగా అడిగితే పెంచుతారని అనుకుంటారు. కంపెనీల నియమావళి సాధారణంగా దానికి ఒప్పుకోదు. బోర్డు సిఫారసు చేసిన మొత్తానికి మించి సభ్యులు ప్రకటించలేరు. షేరుకు రెండు రూపాయలని బోర్డు చెబితే, రెండు రూపాయలకు ఔననవచ్చు, తగ్గించవచ్చు, మూడు మాత్రం చేయలేరు. ఒకసారి ప్రకటించాక 30 రోజుల్లోగా ఆ డబ్బు చెల్లించాలి.

ప్రతి తీర్మానం పక్కనా అది సాధారణ తీర్మానమా, ప్రత్యేక తీర్మానమా అని ఉంటుంది. సాధారణ తీర్మానానికి వ్యతిరేక ఓట్లకన్నా అనుకూల ఓట్లు ఎక్కువ వస్తే చాలు. ప్రత్యేక తీర్మానానికి అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండాలి. కంపెనీ నియమావళిని మార్చడం వంటివి ఈ రెండో కోవలోకి వస్తాయి. నోటీసులోనే ‘ప్రత్యేక తీర్మానం’ అని చెప్పకపోతే దాన్ని అలా ఆమోదించడానికి వీల్లేదు.

మన అపార్ట్‌మెంట్ల మీటింగుల్లో చివర ‘అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు’ అని ఒక అంశం పెట్టుకుంటాం. కంపెనీ ఏజీఎంలో దానికి చోటు లేదు. నోటీసులో లేని వ్యవహారాన్ని, చట్టమే ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, అక్కడికక్కడ తెచ్చి ఆమోదింపజేయకూడదు. ఇంట్లో కూర్చుని, ఈ ఎజెండాలో నాకు అభ్యంతరమైనదేమీ లేదు, వెళ్లకపోయినా ఫరవాలేదు అనుకున్న సభ్యుడికి ఈ నిబంధనే రక్ష.

హాలు నిండినా కోరం లేకపోవచ్చు

కోరం అంటే సమావేశం చెల్లడానికి కనీసం ఎంతమంది ఉండాలన్న లెక్క. పబ్లిక్ కంపెనీకి ఇది సభ్యుల సంఖ్యను బట్టి మారుతుంది. వెయ్యిమంది వరకు సభ్యులుంటే అయిదుగురు, వెయ్యి దాటి అయిదు వేల వరకు ఉంటే 15 మంది, అయిదు వేలు దాటితే 30 మంది హాజరు కావాలి. కంపెనీ నియమావళి ఇంకా ఎక్కువ సంఖ్య పెట్టుకుంటే అదే పాటించాలి. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు చాలు.

చట్టం ఇక్కడ ‘స్వయంగా హాజరైన సభ్యులు’ అంటోంది. ఆ ఒక్క మాట మీదే చాలా ఆధారపడి ఉంది. మన కంపెనీలో సభ్యులు 3,200 మంది కాబట్టి 15 మంది కావాలి. సెప్టెంబరు 19 ఉదయం హాల్లో 40 మంది కూర్చున్నారనుకుందాం. హాజరు పట్టీ చూస్తే అందులో సభ్యులు 11 మంది, మిగతా 29 మంది ప్రాక్సీలు. ప్రాక్సీలను కోరంలో లెక్కించరు. అంటే కోరం లేదు. ఆ ప్రాక్సీల చేతుల్లో లక్షల షేర్ల ఓట్లున్నా సరే, ఫలితం మారదు. కానీ సభ్యత్వం ఉన్న మరో కంపెనీ తన బోర్డు తీర్మానంతో పంపిన ప్రతినిధిని మాత్రం స్వయంగా వచ్చిన సభ్యుడిగానే చూస్తారు. ఆయన ప్రాక్సీ కాదు.

పదకొండున్నర వరకు, అంటే అరగంట పాటు ఎదురుచూస్తారు. అప్పటికీ 15 మంది కాకపోతే సమావేశం దానంతట అదే వచ్చే వారం అదే రోజుకు, అదే సమయానికి, అదే చోటికి వాయిదా పడుతుంది. బోర్డు కావాలంటే వేరే తేదీ, చోటు నిర్ణయించవచ్చు. మన ఉదాహరణలో అది సెప్టెంబరు 26, శనివారం ఉదయం 11 గంటలు. దీనికి మళ్లీ 21 రోజుల నోటీసు అక్కరలేదు. కనీసం మూడు రోజుల ముందు సభ్యులకు విడివిడిగా గానీ, ఒక ఇంగ్లిషు పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటన ద్వారా గానీ తెలియజేస్తే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రెండో శనివారం కూడా అరగంటలో 15 మంది రాలేదు, నలుగురే వచ్చారనుకోండి. ఈసారి వాయిదా ఉండదు. వచ్చిన ఆ నలుగురే కోరం. గోదాము అద్దె ప్రతిపాదనతో సహా ఎజెండా మొత్తం వారి ముందుకు వస్తుంది. ‘ఎవరూ వెళ్లకపోతే సమావేశమే జరగదు’ అనుకునేవారు ఈ నిబంధన గమనించాలి. సభ్యులు రాకుంటే నిర్ణయం ఒక వారం ఆగుతుంది, అంతే. అందుకే మొదటి సమావేశం వాయిదా పడిందని తెలిసినప్పుడు రెండోదానికి వెళ్లడం మరింత అవసరం.

ఇంకొక జాగ్రత్త. మొదట్లో సంతకాలు పెట్టి వెళ్లిపోతే కోరం నిలిచినట్టు కాదు. అంశాలు చేపట్టినంతసేపూ ఆ సంఖ్య ఉండాలి.

ప్రాక్సీ ఏం చేయగలడు, ఏం చేయలేడు

గుంటూరు మాస్టారు హైదరాబాద్ వెళ్లలేరు. మేనల్లుడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. అతన్ని ప్రాక్సీగా పంపవచ్చా? నిక్షేపంగా పంపవచ్చు. అతనికి ఆ కంపెనీలో ఒక్క షేరూ ఉండనక్కరలేదు.

“మామయ్యా, ఆ గోదాము సంగతి లేచి అడగనా?” అని అతను ఫోన్ చేస్తే మాత్రం, “వద్దురా, నీకు మాట్లాడే హక్కు లేదు, ఓటు వేసి రా” అనే చెప్పాలి. ప్రాక్సీకి సమావేశంలో మాట్లాడే హక్కు చట్టం ఇవ్వలేదు. చేతులెత్తే పద్ధతిలో ఓటు కూడా లేదు. షేర్ల లెక్కన పోలింగు జరిగినప్పుడే అతని ఓటు చెల్లుతుంది. వెయ్యిమంది, అంతకు మించి సభ్యులున్న కంపెనీల్లోనూ, స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన కంపెనీల్లోనూ ఈ-ఓటింగ్ పెట్టాలి కాబట్టి అక్కడ చేతులెత్తే పద్ధతే ఉండదు. మన కంపెనీ ఆ కోవలోదే. మేనల్లుడు మామయ్య 200 ఓట్లూ వేసి రావచ్చు. ప్రశ్న అడగాలంటే మాస్టారు ముందుగానే కంపెనీ సెక్రటరీకి ఉత్తరమో మెయిలో రాయడం మంచిది.

ప్రాక్సీ ఫారం పేరు ఎంజీటీ-11. నోటీసుతోనే వస్తుంది. అందులో సభ్యుడి పేరు, చిరునామా, ఫోలియో లేదా డీమ్యాట్ ఖాతా నంబరు, షేర్ల సంఖ్య రాయాలి. ప్రాక్సీ పేరు, చిరునామా రాసి అతని సంతకం పెట్టించాలి. మొదటి వ్యక్తి రాలేకపోతే ఎవరో రాయడానికి రెండో, మూడో పేర్లకు కూడా గడులుంటాయి. తీర్మానాల వరసలో అనుకూలమా, వ్యతిరేకమా అని మన ఇష్టం సూచించవచ్చు. అయిదో అంశం దగ్గర ‘వ్యతిరేకం’ అని రాసి పంపితే మేనల్లుడికి సందేహం ఉండదు. చివర రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేసి, తేదీ వేయాలి.

ఫారాలు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా ఈ చివరి మెట్టులోనే. తేదీ లేని ఫారం చెల్లదు. ప్రాక్సీ పేరు ఖాళీగా వదిలేసినదీ చెల్లదు. స్టాంపు లేకపోయినా, స్టాంపు మీదుగా సంతకం పడకపోయినా పక్కన పెడతారు. ఒకే షేర్లకు రెండు ఫారాలు వస్తే తర్వాతి తేదీ ఉన్నదే నిలుస్తుంది. రెండింటి మీదా ఒకే తేదీ ఉండి, సమయం రాయకపోతే రెండూ పోతాయి.

గడువు 48 గంటలు. శనివారం ఉదయం 11కు సమావేశం కాబట్టి గురువారం, సెప్టెంబరు 17 ఉదయం 11 లోపు ఫారం రిజిస్టర్డ్ ఆఫీసుకు చేరాలి. చేరాలి అన్న మాట గమనించండి. బుధవారం గుంటూరులో పోస్టు చేశామంటే సరిపోదు. ఆ చివరి రోజు సెలవైనా కంపెనీ ఫారం తీసుకోవాలి. 48 గంటలకన్నా ముందే ఇవ్వాలని కంపెనీ నియమావళిలో రాసుకున్నా అది చెల్లదు.

ఒకే మనిషి ఓట్లన్నీ పోగేసుకోకుండా కూడా చట్టం కట్టడి పెట్టింది. ఒక ప్రాక్సీ 50 మందికి మించి సభ్యుల తరఫున రాకూడదు. వారందరి షేర్లూ కలిపి, ఓటుహక్కున్న మొత్తం వాటా ధనంలో పది శాతం దాటకూడదు. కంపెనీయే తన ఖర్చుతో, ఫలానా వ్యక్తిని ప్రాక్సీగా పెట్టండంటూ కొందరు సభ్యులకు మాత్రమే ఉత్తరాలు రాయడం చట్టవిరుద్ధం. ఫారాల మీద అనుమానం ఉంటే, మూడు రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేసిన సభ్యుడు సమావేశానికి 24 గంటల ముందు నుంచి అది ముగిసేదాకా వాటిని తనిఖీ చేయవచ్చు.

మాస్టారు మనసు మార్చుకుని శనివారం తానే వెళ్లారనుకుందాం. ఇద్దరూ హాల్లో ఉంటే మేనల్లుడి ప్రాక్సీ దానంతట అదే రద్దవుతుంది. ఆ క్షణం నుంచి కోరంలో లెక్కకు వచ్చేదీ, మాట్లాడేదీ, ఓటు వేసేదీ మాస్టారే.

వీడియోలో జరిగితే ప్రాక్సీ లేదు

2020లో కోవిడ్ వచ్చినప్పుడు కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏజీఎంలను వీడియో ద్వారా జరుపుకోవడానికి వీలిచ్చింది. ఆ వెసులుబాటును తర్వాత పొడిగిస్తూ వచ్చింది. ఇప్పుడు పెద్ద కంపెనీల్లో చాలావరకు ఇలాగే జరుపుతున్నాయి. అలాంటి నోటీసులో రెండు మార్పులు కనిపిస్తాయి. లాగిన్ అయిన సభ్యుణ్ని స్వయంగా హాజరైనట్టే కోరంలో లెక్కిస్తారు. ప్రాక్సీ సౌకర్యం మాత్రం ఉండదు. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని హాజరు కాగలిగినప్పుడు మరొకరిని పంపే అవసరం లేదన్నది దాని వెనకున్న తర్కం. ఫోన్, ఇంటర్నెట్ వాడటం అలవాటు లేని పెద్దవాళ్లకు మాత్రం ఇది నష్టమే. వారి ఓటు మిగలాలంటే ఈ-ఓటింగ్ ఒక్కటే దారి. ఇంట్లో పిల్లలు పక్కన కూర్చుని దాన్ని వేయించాలి.

ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉండి, సమావేశం ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. మన ఉదాహరణలో సెప్టెంబరు 16 నుంచి 18 వరకు. ఓటుహక్కు ఎవరికన్నది ఒక కటాఫ్ తేదీని బట్టి తేలుస్తారు. ఆ తేదీ సమావేశానికి ఏడు రోజులకన్నా ముందు ఉండకూడదు. ఇక్కడ సెప్టెంబరు 12 అనుకుంటే, ఆ రోజున మాస్టారి ఖాతాలో ఉన్న షేర్లకే ఓటు. 14న కొత్తగా కొన్న షేర్లకు ఈ సమావేశంలో ఓటు లేదు. ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్‌ల వేదికల మీద, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే కేఫిన్ టెక్నాలజీస్ వంటి రిజిస్ట్రార్ల వేదిక మీద ఈ ఓట్లు వేస్తారు. ఏ కంపెనీది ఏ వేదికో నోటీసులోనే ఉంటుంది. ఒకసారి ఇలా ఓటు వేసినవారు సమావేశానికి వెళ్లవచ్చు, మళ్లీ ఓటు వేయలేరు.

కాబట్టి నోటీసు రాగానే నాలుగు తేదీలు క్యాలెండరు మీద రాసుకోండి: కటాఫ్ తేదీ, ఈ-ఓటింగ్ రోజులు, ప్రాక్సీ చేరవలసిన గడువు, సమావేశం. సమావేశం వీడియోలోనా, హాల్లోనా అన్నది చూస్తే మూడోది అవసరమో కాదో తేలిపోతుంది. ఆ తర్వాత ప్రత్యేక వ్యవహారాల వివరణ పత్రం చదవండి. నోటీసే రాకపోతే డీమ్యాట్ షేర్లున్నవారు తమ డిపాజిటరీ పార్టిసిపెంటు దగ్గర, కాగితపు సర్టిఫికెట్లున్నవారు రిజిస్ట్రార్ దగ్గర తమ ఈమెయిల్ ఏదని నమోదై ఉందో ఈ వారమే అడిగి తెలుసుకోండి. మూతబడిన పాత ఐడీకి వెళ్లిన నోటీసు కూడా, చట్టం దృష్టిలో, మీకు ఇచ్చిన నోటీసే.